"తర్వాత చేయండి" అన్నందుకు 11 ఫోన్లు: కార్డు, పాలసీ కాల్స్‌ని మర్యాదగా ఎలా ముగించాలి?

తూనీగ · సోమవారం, రాత్రి 9:12

మూడు వారాల్లో ఒకే క్రెడిట్ కార్డు గురించి నాకు 11 ఫోన్లు వచ్చాయి. మొదటిది వచ్చినప్పుడు మీటింగ్‌కి వెళ్తున్నాను. "ఇప్పుడు బిజీగా ఉన్నానండి, తర్వాత చేయండి" అని పెట్టేశాను. ఆ తర్వాత నాలుగైదు సార్లు అదే మాట చెప్పాను. ఒకసారి "ఆలోచించి చెప్తాను" అన్నాను. ఇంకోసారి "మా ఆయన్ని అడగాలండి" అంటే, ఆయన ఇంట్లో ఎప్పుడుంటారో కనుక్కుని ఆదివారం పొద్దున్నే చేశారు.

నిన్న పదకొండోసారి వచ్చినప్పుడు నోరు జారాను. "మీకు వేరే పని లేదా, సిగ్గనిపించదా" అని అరిచేశాను. కాసేపు అటువైపు నుంచి ఏమీ వినపడలేదు. తర్వాత చాలా చిన్న గొంతుతో "సారీ మేడమ్" అంది. ఆ అమ్మాయికి ఇరవై, ఇరవై రెండేళ్లుంటాయేమో. అంతకుముందు చేసింది ఆమె కాదు కూడా, ఒక్కోసారి ఒక్కో గొంతు. రాత్రి చాలాసేపు ఆ "సారీ" చెవిలోనే ఉండిపోయింది.

నాకు కార్డు వద్దు. ఎవరిమీదా అరవాలనీ లేదు. ఏం మాట్లాడితే అక్కడితో ఆగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. నంబరు బ్లాక్ చేస్తే కొత్త నంబరుతో వస్తోంది.

---

గోడగడియారం · సోమవారం, రాత్రి 9:30

తెలియని నంబరు ఎత్తకండి. నేను మూడేళ్లుగా అలాగే చేస్తున్నాను. అవసరమైనవాళ్లు మెసేజ్ పెడతారు.

---

తూనీగ · సోమవారం, రాత్రి 9:41

నా ఉద్యోగంలో అది కుదరదండి. కొత్త క్లయింట్లు తెలియని నంబర్ల నుంచే చేస్తారు. నాన్నకి వైద్యం జరుగుతోంది, హాస్పిటల్ నుంచి ఏ నంబరుతో వస్తుందో తెలీదు. ఎత్తాల్సిందే. ఎత్తాక ఏం చేయాలన్నదే నా ప్రశ్న.

---

పాత హెడ్‌సెట్ · సోమవారం, రాత్రి 10:25

తూనీగ గారూ, నేను ఆరేళ్లు ఈ పనిలో ఉన్నాను. మొదట కార్డులు అమ్మే ఫోన్లు చేశాను, తర్వాత పాలసీలు. చివరి రెండేళ్లూ మిగతావాళ్ల కాల్స్ విని తప్పొప్పులు రాసే టీమ్‌లో ఉన్నాను. అందుకే మీకు 11 ఫోన్లు ఎందుకు వచ్చాయో అటువైపు నుంచి చెప్తాను.

కాల్ అయిపోగానే ఫోన్ చేసినవాళ్ల స్క్రీన్ మీద, ఆ కాల్ ఎలా ముగిసిందో చెప్పమని ఒక పట్టీ వస్తుంది. అందులో ఏదో ఒకటి నొక్కితేగానీ తర్వాతి నంబరు కలవదు. మేం పనిచేసిన చోట ఆ పట్టీలో ముఖ్యంగా నాలుగుండేవి: తీసుకుంటారు, తర్వాత చేయమన్నారు, వద్దన్నారు, ఇక చేయొద్దన్నారు. మధ్యలో కట్ చేసినవి వీటిలో దేనికిందికీ రావు. అవి మాట్లాడని కాల్స్ కింద పడి, ఇంకో రోజు మళ్లీ డయల్ అయ్యేవి.

మీరు "తర్వాత చేయండి" అన్న ప్రతిసారీ వాళ్లు రెండోది నొక్కారు. నొక్కగానే రోజు, టైమ్ అడుగుతుంది. ఆ టైమ్‌కి మీ నంబరు దానంతటదే ఎవరో ఒకరి ముందుకొస్తుంది. ఆ అమ్మాయి స్క్రీన్ మీద "కస్టమర్ ఫోన్ చేయమన్నారు" అనే ఉంటుంది. ఆమె దృష్టిలో మీరు రమ్మంటే వచ్చింది. మీరు పదిసార్లు మర్యాదగా వాయిదా వేశారు, పదిసార్లూ అది పిలుపు కింద నమోదైంది.

"ఆలోచించి చెప్తాను", "మా ఆయన్ని అడగాలి" కూడా అక్కడికే వెళ్తాయి. ఇంకా చెప్పాలంటే ఇవి మాకు బాగా ఇష్టమైన మాటలు. కాదనని మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లొచ్చు కదా.

---

రెండుజెళ్లు · సోమవారం, రాత్రి 10:40

హెడ్‌సెట్ గారూ, మరి నేను ఎప్పుడూ కారణం స్పష్టంగా చెప్పేదాన్ని, "నాకు ఇప్పటికే కార్డు ఉంది" అని. అయినా వదలరు. అది కాదన్నట్టే కదా?

---

పాత హెడ్‌సెట్ · సోమవారం, రాత్రి 11:02

కాదండి. అక్కడే చాలామంది చిక్కుకుంటారు. కారణం చెప్పామంటే తలుపు మూశామనుకుంటాం, కానీ గొళ్లెం వాళ్ల చేతికిచ్చినట్టే.

మా డెస్క్ మీద ఒక కాగితం అతికించి ఉండేది. ఎడమవైపు జనం చెప్పే కారణాలు, కుడివైపు మేం చెప్పాల్సిన జవాబులు. కార్డు ఉందంటే, "చాలా మంచిది మేడమ్, అంటే వాడకం మీకు తెలుసు, ఆ కార్డులో లేనివి ఇందులో ఏమున్నాయో చెప్తాను." ఫీజు దండగంటే, "మొదటి ఏడాది ఫీజు లేదు." జీతం తక్కువంటే, "అలాంటివాళ్ల కోసమే లిమిట్ తక్కువగా పెట్టిన కార్డు ఉంది." పాలసీ అమ్మేటప్పుడు "అవసరం లేదండి" అన్నవాళ్లకి జవాబు బోర్డు మీద ఎర్ర ఇంకుతో రాసి ఉండేది: "అవసరం చెప్పి రాదు కదా సార్!" మా టీమ్‌లో అందరికీ అది కంఠతా వచ్చు.

కుడివైపు జవాబు లేని మాట ఒక్కటే ఉండేది, కారణం లేని "వద్దు". దానికి మాకిచ్చిన మార్గం ఒక్కటే, "ఎందుకు వద్దనుకుంటున్నారో తెలుసుకోవచ్చా?" అని అడగడం. అంటే కారణం బయటికి లాగడం. మీరు అక్కడ కూడా కారణం చెప్పకపోతే మా కాగితం అయిపోయినట్టే. మా దగ్గర రెండుసార్లు స్పష్టంగా వద్దన్నాక మళ్లీ నెడితే మార్కులు కోసేవాళ్లం. అన్నిచోట్లా ఆ నియమం ఉంటుందని హామీ ఇవ్వలేను.

నేనైతే ఇలా అంటాను. అలవాటయ్యేదాకా చూసి చదివినా ఫర్వాలేదు.

"వద్దండి. ఈ కార్డు నేను తీసుకోను. ఇక ఫోన్ చేయొద్దన్నానని నా నంబరు దగ్గర పెట్టండి. ఉంటానండి."

మొదటి మాటలో "అండి" ఉంది, చాలు, అంతకుమించి తియ్యగా ఉండక్కర్లేదు. రెండోదాంట్లో "తీసుకోను" అనేది మీ నిర్ణయం. "అవసరం లేదు", "ఇంట్రెస్ట్ లేదు" అంటే వాదించొచ్చు, ఒక మనిషి తను ఏం చేయదో చెప్తే వాదించడానికేముంది? మూడోది వాళ్ల పట్టీలో నాలుగో గడిని పేరు పెట్టి అడగడం. మీరు అడక్కపోతే వాళ్లు మామూలు "వద్దన్నారు" నొక్కుతారు, మా దగ్గర ఆ జాబితా కొన్ని నెలలకి మళ్లీ బయటికొచ్చేది. నాలుగోది సెలవు. "ఉంటానండి" అన్నాక రెండు సెకన్లు ఆగి మీరే పెట్టేయండి. వాళ్లంతట వాళ్లు పెట్టేస్తారని ఎదురుచూడొద్దు. చాలాచోట్ల కస్టమర్ కన్నా ముందు పెట్టేయడానికి వాళ్లకి అనుమతి ఉండదు.

ఇంకొక్క విషయం. "తీసుకోను" అన్నాక అటువైపు కాస్త నిశ్శబ్దంగా ఉంటుంది. అది కావాలనే ఇచ్చే ఖాళీ. మనవాళ్లకి ఫోన్‌లో నిశ్శబ్దం ఇబ్బంది, నింపాలనిపిస్తుంది. "అంటే... ఏమీ అనుకోకండి, ఈ మధ్య ఖర్చులు..." అని మొదలుపెడతారు. అంతే, ఎడమవైపు కాగితంలో ఒక గీత దొరికిపోయింది.

---

గోడగడియారం · మంగళవారం, ఉదయం 7:15

ఇంత కసరత్తు దేనికి? కట్ చేస్తే సరిపోదా?

---

పాత హెడ్‌సెట్ · మంగళవారం, ఉదయం 7:50

చేయొచ్చండి, తప్పేమీ లేదు. కాకపోతే పైన చెప్పినట్టు కట్ చేసిన నంబరు మళ్లీ లైన్లోకి వస్తుంది. ఆ నాలుగు వాక్యాలకి పది, పన్నెండు సెకన్లు పడతాయి. ఒకసారి ఆ పన్నెండు సెకన్లు పెట్టి చూడమంటున్నాను.

---

కొత్తబడి · మంగళవారం, ఉదయం 9:05

నమస్తే అందరికీ. నాది కూడా ఏజెంట్ సమస్యే. పాలసీ చేయించినప్పుడు రోజూ ఫోన్ చేసేవాడు. ఇప్పుడు హాస్పిటల్ బిల్లు క్లెయిమ్ తిప్పి పంపారు, అడుగుదామంటే నా ఫోన్ ఎత్తడం లేదు. అతనితో ఎలా మాట్లాడాలి?

---

నీలిగోరింట · మంగళవారం, ఉదయం 9:40

కొత్తబడి గారూ, మీది దీనికి పూర్తిగా తిరగేసిన సమస్యండి, ఇక్కడ కలిసిపోతే ఎవరికీ కనపడదు. వేరే చర్చ మొదలుపెట్టండి. ఈలోగా ఏజెంట్ కోసం ఆగకుండా, క్లెయిమ్ ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా ఇవ్వమని కంపెనీకే మెయిల్ పెట్టండి.

---

రెండుజెళ్లు · మంగళవారం, మధ్యాహ్నం 1:20

ఒక జాగ్రత్త అందరికీ. ఈ ఫోన్లలో "అవును" అనే మాటే నోట్లోంచి రానివ్వకండి. మన గొంతు రికార్డ్ చేసి ఆ ఒక్క "అవును"ని కత్తిరించి పాలసీ అంటగట్టేస్తారు. మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అందుకే నేను "నేను ఫలానా ఆవిడతో మాట్లాడుతున్నానా?" అంటే కూడా "చెప్పండి" అంటాను.

---

పాత హెడ్‌సెట్ · మంగళవారం, మధ్యాహ్నం 2:05

రెండుజెళ్లు గారు సగం నిజం చెప్పారు. పేరు అడిగితే "అవును" అన్నంత మాత్రాన ఏమీ కాదు. అమ్మకం నిజంగా జరిగితే దానికి వేరే ప్రశ్నల వరస ఉంటుంది: పథకం పేరు, ఎంత కట్టాలి, ఏ ఖాతా నుంచి తీసుకోవాలి, మీకు సమ్మతమేనా అని. ఆ వరస మొత్తం రికార్డులో ఉండాలి. నేను వినే పని చేసినప్పుడు, అది లేని అమ్మకాలు వెనక్కి పంపేవాళ్లం.

భయపడాల్సింది మాత్రం ఉంది, అది "అవును" కాదు, "సరే". మనం ఫోన్ పెట్టేసే ముందు "సరే అండి, సరే సరే" అంటాం. మన ఉద్దేశం "ఇక చాలు, పెట్టేస్తున్నా" అని. సమ్మతమేనా అన్న ప్రశ్న తర్వాత అదే "సరే" పడితే, వినేవాడికి అది ఒప్పుకోలే. ఇలాంటివి రోజుకి రెండు మూడు నా చెవిన పడేవి. అటువైపు వంట చేస్తూనో, బండి తీస్తూనో, వినకుండానే "ఆఁ... ఆఁ... సరే" అంటుంటారు.

రెండోది, నిర్ణయం అయిపోయినట్టు అడిగే చిన్న ప్రశ్నలు. "కార్డు ఇంటికి పంపమంటారా, ఆఫీసుకా?" "నామినీగా ఎవరి పేరు రాయమంటారు?" మీరు ఇంకా ఒప్పుకోలేదు, కానీ ఇంటికో ఆఫీసుకో చెప్పారంటే ఒప్పుకున్నట్టే. అక్కడ జవాబు చెప్పకుండా "నేను తీసుకోనని చెప్పానండి" అని వెనక్కి రావాలి.

---

నీలిగోరింట · మంగళవారం, సాయంత్రం 6:30

ఆ "సరే" నాకు జరిగింది. చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

పిల్లాడికి జ్వరం, థర్మామీటరు వాడి చంకలో పెట్టి ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను. నా కార్డుకి ఏదో ప్రమాద బీమా, మొదటి నెల ఉచితం, వద్దనుకుంటే ఆపేయొచ్చు అని గబగబా చదువుతున్నాడు. మధ్యమధ్యలో "ఓకేనా మేడమ్" అంటున్నాడు. నేను థర్మామీటరు చూస్తూ "సరే సరే, ఉంటాను" అని పెట్టేశాను. రెండో నెల స్టేట్‌మెంట్‌లో ఒక కొత్త పేరుతో కోత పడింది. నాలుగో నెలలో గానీ నేను చూడలేదు.

కస్టమర్ కేర్‌కి చేస్తే "మీరు ఒప్పుకున్నారు మేడమ్" అన్నారు. నేను కోపం తెచ్చుకోకుండా మెయిల్‌లో రెండే అడిగాను: ఆ కాల్ రికార్డింగ్ నాకు వినిపించండి, దానిమీద నిర్ణయం అయ్యేదాకా కోత ఆపండి. వారం తర్వాత ఫోన్ చేసి, రికార్డింగ్ సంగతి ఎత్తకుండా, పాలసీ రద్దు చేశామన్నారు. మూడు కోతల్లో రెండు వెనక్కి వచ్చాయి. మూడోదానికి ఇప్పటికీ తిరుగుతున్నాను.

అప్పటినుంచి అలాంటి కాల్ వస్తే ముందు చేతిలో పని ఆపుతాను. రెండు పనులు చేస్తూ ఆ మాటలు వినను.

---

పాత హెడ్‌సెట్ · మంగళవారం, సాయంత్రం 7:10

మీరు రికార్డింగ్ అడగడం చాలా మంచి పని చేశారు. ప్రశ్నల వరస సరిగ్గా లేదని వాళ్లకే తెలిసి ఉంటుంది. పాలసీ అయితే కాగితాలు చేతికొచ్చాక చాలాచోట్ల కొన్ని రోజుల గడువు కూడా ఉంటుంది, నచ్చకపోతే తిప్పి పంపడానికి. ఫ్రీ లుక్ అంటారు. ఎన్ని రోజులో పాలసీ మొదటి పేజీల్లోనే ఉంటుంది. పొరపాటున "సరే" అన్నవాళ్లు ముందు అది వెతకాలి.

---

వేపపువ్వు · మంగళవారం, రాత్రి 8:45

మీరంతా ముఖం తెలియనివాళ్ల గురించి చెప్తున్నారు. నాకు ఫోన్ చేసేది మా బాబాయి కొడుకు. కొత్తగా ఏజెన్సీ తీసుకున్నాడు. "అన్నయ్యా, ఈ నెల ఒక్కటి తగ్గింది, నీ పేరు మీద చిన్నది రాసేస్తాను, మొదటి వాయిదా నేనే కడతాను" అంటాడు. వాడికి "ఇక ఫోన్ చేయొద్దని రాసుకో" అని ఎలా చెప్పను? పెళ్లిళ్లలో ఎదురుపడాలి.

---

లెక్కలపుస్తకం · మంగళవారం, రాత్రి 9:20

నాది ఇంకో రకం ఇరకాటం. చిన్న వ్యాపారం నాది. నా ఓవర్‌డ్రాఫ్ట్ చూసే బ్రాంచి ఆయనే నెలాఖరుకి పాలసీ తీసుకోమని ఫోన్ చేస్తాడు. మనిషి మంచివాడే, నాకు రెండు మూడుసార్లు సాయపడ్డాడు. వద్దంటే రేపు నా ఫైలు ఆలస్యమవుతుందేమోనని టెన్షన్. పోయినేడాది ఆ భయంతోనే ఒకటి తీసుకున్నాను, ఇప్పుడు దాని రెండో వాయిదా వచ్చింది.

---

పాత హెడ్‌సెట్ · మంగళవారం, రాత్రి 10:00

లెక్కలపుస్తకం గారూ, మీకు ఆ నాలుగు వాక్యాలు పనికిరావు, ఎందుకంటే మీకు ఆయన ఫోన్లు కావాలి. ఆయన అమ్మకం మాత్రమే వద్దు. అలాంటప్పుడు రెండు విషయాలనీ నోటితోనే విడదీయాలి. "పాలసీ నేను తీసుకోనండి. ఓవర్‌డ్రాఫ్ట్ రెన్యువల్ కాగితాలు గురువారం తెస్తున్నాను, అప్పుడు కలుద్దాం" అనండి. వద్దన్నాక సంభాషణ ఆగిపోకుండా మీ పని వైపు మళ్లుతుంది, ఆయనకీ ఇబ్బందిగా ఉండదు. పాలసీ తీసుకుంటేనే ఫైలు కదులుతుందని ఆయన ఎప్పుడైనా అంటే మాత్రం ఆ మాట మెయిల్‌లో రాసి పంపమనండి. ఫోన్‌లో అనేవాళ్లు ఉంటారు, రాసి పంపేవాళ్లు నాకు తారసపడలేదు.

వేపపువ్వు గారి సంగతికి నా దగ్గర సరైన జవాబు లేదు. మా ట్రైనింగ్‌లోనే మొదటి నెల బంధువుల జాబితా రాయమనేవాళ్లు. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

---

నీలిగోరింట · మంగళవారం, రాత్రి 10:30

వేపపువ్వు గారూ, మీ తమ్ముడితో అయితే కారణం చెప్పక తప్పదనిపిస్తుంది. మనవాళ్ల దగ్గర కారణం లేకుండా వద్దంటే అది అవమానం. "ఇంట్లో వాళ్ల దగ్గర డబ్బు వ్యవహారం పెట్టుకోకూడదని నేనొక నియమం పెట్టుకున్నానురా, నీకే కాదు, ఎవరికైనా ఇదే" అంటే?

---

వేపపువ్వు · మంగళవారం, రాత్రి 10:52

వాడు వెంటనే "పోయినేడాది చిన్నాన్న దగ్గర అప్పు తీసుకున్నావు కదా అన్నయ్యా" అంటాడు. అందరికీ అన్నీ తెలుసు మా ఇంట్లో.

---

గోడగడియారం · బుధవారం, ఉదయం 7:05

వేపపువ్వు, మొదటి వాయిదా వాడు కడతానన్నాడంటే అక్కడే ఆపేయ్. రెండోది నువ్వు కట్టవు, పాలసీ పోతుంది, వాడికీ చెడ్డపేరు. ఆ మాటే వాడితో చెప్పు. "నేను రెండోది కట్టనురా, నీ లెక్కే చెడుతుంది." అది నిజం కూడా.

---

పాత హెడ్‌సెట్ · బుధవారం, ఉదయం 8:10

గోడగడియారం గారు చెప్పింది నాకు తట్టలేదు. బాగుంది. మధ్యలో ఆగిపోయిన పాలసీలు ఎక్కువైతే ఏజెంటుకి నష్టమే.

---

రెండుజెళ్లు · బుధవారం, ఉదయం 11:15

మా అమ్మ సంగతి చెప్తాను. ఆవిడ ఎవరు ఫోన్ చేసినా ఇరవై నిమిషాలు వింటుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుండగా పెట్టేయడం తప్పని ఆవిడ పెంపకం. మీ నాలుగు వాక్యాలు నేర్పిస్తే "అంత కటువుగా నేననలేను" అంది. చివరికి ఆవిడే ఒకటి తయారుచేసుకుంది: "నాకొద్దు నాయనా. నీ టైమ్ పాడుచేసుకోకు. ఉంటాను." నిన్న ఒకడి మీద ప్రయోగించింది. అతను "సరే అమ్మా, ఆరోగ్యం జాగ్రత్త" అని పెట్టేశాడట. ఆవిడ సంతోషం చూడాలి.

అన్నట్టు, ఓటీపీ అడిగితే ఏం చేయాలి? అప్పుడు కూడా "ఉంటానండి" అనాలా?

---

పాత హెడ్‌సెట్ · బుధవారం, మధ్యాహ్నం 12:30

అమ్మగారి వాక్యం నా వాక్యాల కన్నా బాగుంది. ఫోన్ చేసేవాళ్లకి రోజుకి ఇన్ని కాల్స్ అని లెక్క ఉంటుంది, మీరు త్వరగా తేల్చేస్తే నిజంగానే వాళ్లకి మేలు. మర్యాదకని ఇరవై నిమిషాలు విని చివర్లో వద్దనేవాళ్ల వల్లే మాకు ఎక్కువ నష్టం.

ఓటీపీ, కార్డు వెనక మూడంకెలు, పిన్ అడిగితే ఒక్క మాట కూడా వద్దు, పెట్టేయండి. అమ్మేవాళ్లతో మాట్లాడే మర్యాద అక్కడ వర్తించదు. అనుమానం ఉంటే బ్యాంకు యాప్‌లోనో కార్డు వెనకో ఉన్న నంబరుకి మీరే చేసి కనుక్కోండి. వాళ్లు ఇచ్చిన నంబరుకి మాత్రం కాదు.

---

తూనీగ · గురువారం, సాయంత్రం 7:40

పన్నెండోది ఈరోజు వచ్చింది. 11:20కి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పేరు అడిగి, "మీరు ఈ టైమ్‌కి ఫోన్ చేయమన్నారు మేడమ్, కార్డు గురించి" అన్నాడు. ఈసారి అబ్బాయి. హెడ్‌సెట్ గారు చెప్పాక ఆ "మీరు చేయమన్నారు" వింటే కోపం రాలేదు.

"వద్దండి. ఈ కార్డు నేను తీసుకోను" అన్నాను.

"ఎందుకు మేడమ్? ఫీజు గురించైతే..."

"తీసుకోనండి."

నిశ్శబ్దం. నిజంగానే చాలాసేపు అనిపించింది. నోట్లోకి "ఏమీ అనుకోకండి" వచ్చేసింది, పెదవి కొరుక్కుని ఆగాను. టేబుల్ మీద పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాను.

అప్పుడతను "శాలరీ ఇబ్బందేమైనా ఉందా మేడమ్?" అన్నాడు. అక్కడ జారాను. "అయ్యో, శాలరీ బాగానే ఉందండీ" అనేశాను, పౌరుషంతో. వెంటనే "అయితే మీకు ఇంకా పెద్ద లిమిట్ వస్తుంది మేడమ్" అని అందుకున్నాడు. ఇంకో రెండు నిమిషాలు పట్టింది మళ్లీ దారిలోకి రావడానికి. చివరికి "నేను తీసుకోనని చెప్పాను. ఇక ఫోన్ చేయొద్దన్నానని నా నంబరు దగ్గర పెట్టండి. పెట్టారా?" అన్నాను. కీబోర్డు చప్పుడు వినపడింది. "పెట్టాను మేడమ్" అన్నాడు. "థాంక్సండీ, ఉంటాను" అని పెట్టేశాను.

అరవలేదు. చేతులు మాత్రం కాస్త వణికాయి.

---

పాత హెడ్‌సెట్ · గురువారం, రాత్రి 8:20

"పెట్టారా?" అని అడగడం మీ సొంతం. చాలా బాగా చేశారు. శాలరీ ప్రశ్న కూడా కాగితంలోదే, రోషం తెప్పించడానికే ఉంటుంది. దానికి కూడా "తీసుకోనండి" అనే జవాబు.

ఒకటి ముందే చెప్తున్నాను, ఇంకో ఫోన్ వస్తే నిరాశపడొద్దు. ఆ అబ్బాయి పెట్టిన గుర్తు ఆ ఏజెన్సీ జాబితాలోనే ఉంటుంది. ఒకే కార్డుని రెండు మూడు ఏజెన్సీలు అమ్ముతుంటాయి. మళ్లీ వస్తే "మీరు బ్యాంకు ఉద్యోగా, ఏజెన్సీనా? ఏజెన్సీ పేరేంటి?" అని అడిగి రాసుకోండి. తర్వాత బ్యాంకుకే ఒక మెయిల్: నా నంబరుని మార్కెటింగ్ కాల్స్ నుంచి తీసేయండి, ఫలానా తేదీల్లో ఫలానా ఏజెన్సీ నుంచి వచ్చాయి అని. ఇలాంటి పనులకి నోటి మాట కన్నా తేదీలున్న మెయిల్ త్వరగా కదులుతుంది. మీ బ్యాంకు యాప్ సెట్టింగ్స్‌లో ఆఫర్ల సమ్మతి అని ఒక బటన్ ఉండొచ్చు, అది కూడా చూడండి. ఖాతా తెరిచిన రోజు ఫారంలో ఆ టిక్కు మనమే పెట్టి ఉంటాం.

---

లెక్కలపుస్తకం · గురువారం, రాత్రి 9:05

నేను రేపు బ్రాంచికి వెళ్తున్నాను. ఆ వాక్యం దారిపొడవునా అనుకుంటూ వెళ్తాను. పోయినేడాది పాలసీ రెండో వాయిదా కట్టాలా వదిలేయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వదిలేస్తే మొదటిది పూర్తిగా పోయినట్టేనా?

---

పాత హెడ్‌సెట్ · గురువారం, రాత్రి 9:30

పాలసీని బట్టి ఉంటుందండి, గుడ్డిగా చెప్పను. కాగితాల్లో సరెండర్ అనే భాగం ఫొటో తీసి, నంబర్లు చెరిపి ఇక్కడ పెట్టండి, చూద్దాం.

---

తూనీగ · శుక్రవారం, మధ్యాహ్నం 3:10

మెయిల్ పెట్టాను, 12 కాల్స్ తేదీలతో. ఫోన్‌లో కాల్ హిస్టరీ అంతా ఉంది, వెతకడానికి పావుగంట పట్టింది. అందులో ఇంకో రెండు వాక్యాలు కూడా రాశాను, అవసరమో కాదో తెలీదు: నాకు ఫోన్ చేసినవాళ్లంతా మర్యాదగానే మాట్లాడారని, ఆదివారం నాడు నేను కోప్పడిన అమ్మాయి తప్పేమీ లేదని.

రెండుజెళ్లు గారూ, మీ అమ్మగారి వాక్యం మా నాన్నకి నేర్పిస్తున్నాను. "నాయనా" బదులు "బాబూ" అంటానంటున్నారు.